ఊపిరి ఆగినప్పుడు 95, రొప్పుతున్నప్పుడు 87: మిషన్ తప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది, ఇప్పుడు పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. నెల రోజులుగా నిద్రలో ఆయన ఊపిరి వింతగా ఉంటోంది. చిన్నగా మొదలై పెరిగి పెరిగి రొప్పుతారు, మళ్లీ తగ్గి తగ్గి పూర్తిగా ఆగిపోతుంది. ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. ఆగేది 25 సెకన్లు, మొత్తం ఒక చుట్టు 70 సెకన్లు. వేలికి ఆక్సీమీటర్ పెడితే ఇంకా వింత. ఊపిరి ఆగి ఉన్నప్పుడు 95 చూపిస్తోంది, గట్టిగా పీలుస్తున్నప్పుడు 87కి పడిపోతోంది. మిషన్ పాడైందా? మా పెద్దమ్మ ఇది ఎగశ్వాస అని ఏడుస్తోంది. రాత్రంతా ఆయన్ని తట్టి లేపుతూ కూర్చుంటున్నాం. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ మిషన్ బాగానే ఉంది. అది చెబుతున్నది నిజమే, కాకపోతే పాత కబురు. వేలి చివర కనిపించే అంకె ఆ క్షణంలో ఊపిరితిత్తుల్లో జరుగుతున్నది కాదు. ఊపిరితిత్తుల నుంచి కొంతసేపటి కిందట బయల్దేరి, గుండె గదులు దాటి, చేతి దాకా వచ్చిన రక్తం సంగతి అది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ ప్రయాణం త్వరగానే అయిపోతుంది. గుండె నీరసించినవాళ్లలో అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

మీరు రాసిన అంకెలతోనే లెక్క కట్టి చూద్దాం. నాన్నగారి ఊపిరి ఆగిన క్షణాన్ని సున్నా అనుకోండి. అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది. 25వ సెకనులో ఊపిరి మళ్లీ మొదలవుతుంది, అంటే అన్నిటికన్నా తక్కువ ఆక్సిజన్ ఉన్న రక్తం ఊపిరితిత్తులు వదిలేది దాదాపు అప్పుడే. అది వేలికి చేరడానికి, మిషన్ నాలుగైదు సెకన్ల సగటు తీసి అంకె చూపడానికి కలిపి 30 సెకన్లు పట్టిందనుకుందాం. అంటే 55వ సెకను. అప్పటికి ఆయన బాగా రొప్పుతున్నారు, మీకేమో 87 కనిపిస్తోంది. ఆ రొప్పడం వల్ల ఊపిరితిత్తులు ఆక్సిజన్‌తో నిండి, మంచి రక్తం బయల్దేరేది 55, 60 సెకన్ల మధ్య. ఆ రక్తం వేలికి వచ్చేది 85, 90 సెకన్ల ప్రాంతంలో. 70 దగ్గర ఒక చుట్టు అయిపోయింది కాబట్టి అప్పటికి ఊపిరి మళ్లీ ఆగి పదిహేను, ఇరవై సెకన్లయింది. మీకు 95 కనిపించేది అప్పుడే. ఇంట్లో కూర్చుని, రెండు వేల రూపాయల మిషన్‌తో మీరు మీ నాన్నగారి రక్తప్రసరణ ఎంత ఆలస్యంగా ఉందో కొలిచేశారన్నమాట.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నేను చదువుకునే రోజుల్లో ఒక వార్డులో నైట్ డ్యూటీలో ఇదే చూసి, వేలికి తగిలించే ప్రోబ్ పాడైందని ఒకదాని తర్వాత ఒకటి మూడు ప్రోబ్‌లు మార్చాను. మూడోది కూడా అదే చూపించేసరికి సీనియర్ నర్సు నవ్వి, "ప్రోబ్ కాదు సార్, పేషెంట్ గుండె చూడండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి. వేలి దగ్గర మీకు కనిపించిన ఆ ఆలస్యం మెడ దగ్గర, మెదడు దగ్గర కూడా ఉంది. ఆయన ఊపిరి పెరిగి తగ్గి ఆగిపోవడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

మీది తెనాలి కాబట్టి కాలువ ఉదాహరణ చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మీ చేను కాలువ చివర ఉంది, తూము పైన ఎక్కడో మైళ్ల దూరంలో ఉందనుకోండి. చేలో నీరు తగ్గిందని మీరు ఫోన్ చేస్తే తూము దగ్గర మనిషి కాస్త తలుపు ఎత్తుతాడు. నీరు మీ దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. అందాకా మీకు చేను ఎండుతూనే కనిపిస్తుంది, మీరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, అతను ఇంకా ఎత్తుతాడు. చివరికి నీళ్లన్నీ ఒక్కసారి వచ్చి పడి చేను మునుగుతుంది. ఇక మూసెయ్ మూసెయ్ అని అరుస్తారు. అతను పూర్తిగా దించేస్తాడు, కానీ దారిలో ఉన్న నీరు వస్తూనే ఉంటుంది. అది తగ్గేసరికి తూము మూసి చాలాసేపవుతుంది, వెనకాల కాలువ ఖాళీ. మళ్లీ ఎండు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీరు చూసింది చూసినట్టే చెప్పారు, అతను చెప్పింది చెప్పినట్టే చేశాడు. తేడా అంతా కబురుకీ నీటికీ మధ్యనున్న దూరంలో ఉంది.

శరీరంలో తూము ఊపిరి. చేను దగ్గర నిలబడి చూసేవి రెండు. మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట బియ్యపు గింజంత ఉండే కెరోటిడ్ బాడీ ఒకటి, మెదడు అడుగున మెడుల్లాలో ఉండే కణాలు రెండోది. మొదటిది ఆక్సిజన్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ రెండింటినీ చూస్తుంది, చురుకైనది. రెండోది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్‌ని చూస్తుంది, నిదానస్తురాలు. రోజువారీ ఊపిరి లెక్క అంతా చిన్నప్పుడు బడిలో మనం బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న ఆ కార్బన్ డయాక్సైడ్ మీదే నడుస్తుంది. ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప దాని మాట పెద్దగా సాగదు.

కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరిగితే ఊపిరి పెంచు, తగ్గితే తగ్గించు. ఇదీ రూలు. ఇంత సాదా రూలు ఎలా గతి తప్పుతుందో కాగితం మీద చేసి చూడొచ్చు. కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సినదానికంటే ఎంత ఎక్కువో, ఎంత తక్కువో ఒక అంకెగా రాద్దాం. ఎనిమిది ఎక్కువతో మొదలుపెడదాం. ప్రతి అడుగులోనూ శరీరం, తనకు కనిపించిన తేడాలో సగాన్ని తీసేస్తుంది. కనిపించేది ఒక్క అడుగు పాతదైతే వరస ఇలా పోతుంది: 8, 8, 4, 0, −2, −2, −1, 0. ఒకసారి కాస్త దాటిపోయి, వెనక్కి వచ్చి, కుదురుకుంది. ఆరోగ్యవంతుడి కథ ఇదే. ఒక పెద్ద నిట్టూర్పు విడిచినా కాసేపటికి ఊపిరి తన దారిన తాను పడుతుంది.

రూలు మార్చకండి, సగం తీసేయడమే. కనిపించేది మాత్రం మూడు అడుగులు పాతది చేయండి. వరస ఇలా అవుతుంది: 8, 8, 8, 8, 4, 0, −4, −8, −10, −10, −8, −4, 1, 6, 10, 12. కింద సున్నా దాటి −10 దాకా పోయింది, పైకి వస్తే 12 దాకా ఎక్కింది. 0 దగ్గరికి వచ్చినప్పుడు ఆగాలి కదా? ఆగదు, ఎందుకంటే దానికి ఆ క్షణంలో కనిపిస్తున్నది మూడు అడుగుల కిందటి 8. ఇంకా ఎక్కువే ఉందనుకుని తీసేస్తూనే ఉంటుంది. ఓపిక ఉంటే మీరూ పెన్ను తీసుకుని చేయండి: ప్రతి కొత్త అంకె, ముందరి అంకెలోంచి, ఆ ముందరి అంకెకి మూడడుగుల కిందటి అంకెలో సగం తీసేస్తే వచ్చేది, అంతే. మొదలుకి ముందున్నవన్నీ సున్నాలు అనుకోవాలి.

ఈ లెక్క ఇలాగే సాగితే ఊపు ఎప్పటికీ పెరుగుతూనే పోవాలి. మనిషిలో అలా పోదు, ఎందుకంటే ఊపిరికి కింద ఒక నేల ఉంది. సున్నా కన్నా తక్కువ ఊపిరి ఎవరూ పీల్చలేరు. ఊపు ఆ నేలకు తగిలి అక్కడ కాసేపు పడి ఉంటుంది. మీరు చూసిన 25 సెకన్ల మౌనం అదే. దాంతో ఊపు ఒక హద్దులో నిలిచి, చుట్టు వెనక చుట్టుగా గంటల తరబడి ఒకే తీరులో సాగుతుంది.

మీ నాన్నగారిలో ఆ మూడు అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? పంపింగ్ 30 శాతం అంటే గుండె ఎడమ గదిలో ఉన్న రక్తంలో ఒక్కో కొట్టుకి బయటికి వెళ్లేది 30 వంతులే, మిగతా 70 అక్కడే ఉండిపోతోంది. మామూలు గుండె 60 దాకా పంపిస్తుంది. గది కూడా సాగి పెద్దదై ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన కొత్త రక్తం ఈ నిలవ నీటిలో కలిసి, కొట్టు తర్వాత కొట్టుగా కొంచెం కొంచెం బయటపడాలి. ఆరోగ్యవంతుల్లో మెడ దాకా రావడానికి పది సెకన్ల లోపే పట్టే ప్రయాణం ఇలాంటివాళ్లలో రెండింతలు, మూడింతలు అవుతుంది. వేలికన్నా మెడ దగ్గర కాబట్టి మీరు కొలిచిన 30 సెకన్ల కంటే అక్కడ ఆలస్యం కాస్త తక్కువే ఉంటుంది, 20 అనుకోండి.

లెక్క ప్రకారం ఇలాంటి ఊగిసలాటలో ఒక చుట్టు, ఆలస్యానికి రెండింతలకీ నాలుగింతలకీ మధ్య ఉండాలి. 20 సెకన్ల ఆలస్యానికి 70 సెకన్ల చుట్టు మూడున్నర రెట్లు. సరిగ్గా సరిపోతోంది. గుండె బాగున్నవాళ్లలో ఇలా ఊపిరి ఆగే జబ్బు వచ్చినా చుట్టు 40 సెకన్ల లోపే ఉంటుంది. అందుకే నిద్ర ల్యాబుల్లో ఈ గుండె తరహా శ్వాస అని రాయాలంటే చుట్టు కనీసం 40 సెకన్లు ఉండాలని నియమం పెట్టుకున్నారు. ఇంకో చిత్రం ఏమిటంటే, గుండె ఎంత నిదానమైతే చుట్టులో ఊపిరి తీసుకునే భాగం అంత సాగుతుంది. మీ లెక్కలో ఆ భాగం 45 సెకన్లు.

ఆలస్యం ఒక్కటే ఉంటే ఇది రాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గుండె నీరసించిన ప్రతి ఒక్కరికీ ఇలా ఊపిరి ఆగదు. 1956లో అమెరికాలో ఆర్థర్ గైటన్, ఆయన సహచరులు మత్తు ఇచ్చిన కుక్కల్లో గుండెకీ మెదడుకీ మధ్య పొడవాటి గొట్టాలు కలిపి రక్తాన్ని తిప్పి పంపించి చూశారు. కొన్ని కుక్కల్లో అచ్చం ఇలాంటి ఊపిరే వచ్చింది. ఆలస్యమే మూలమని తేలడానికి అది మంచి సాక్ష్యం. కానీ అన్ని కుక్కల్లో రాలేదు, వచ్చినవాటికి కూడా రోగుల్లో ఉండేదానికన్నా చాలా ఎక్కువ ఆలస్యం అవసరమైంది. అంటే రోగిలో ఇంకేదో తోడవుతోంది.

ఆ తోడు, తూము మనిషి దుడుకుతనం. నా కాగితం లెక్కలో తేడాలో సగం తీసేశాం. అదే మూడడుగుల ఆలస్యంతో, సగానికి బదులు మూడో వంతు తీసేస్తే ఊపు మెల్లగా చచ్చిపోతుంది. కావాలంటే చేసి చూడండి. స్పందన మెతగ్గా ఉంటే ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు, దుడుగ్గా ఉంటే ఓర్చుకోలేం. గుండె నీరసించినప్పుడు ఊపిరితిత్తుల్లో నెమ్ము, అంటే నీరు చేరుతుంది. గాలిసంచుల పక్కన ఉండే సన్నని నరాల కొసలు దానికి ఉలిక్కిపడి ఊపిరిని వేగం చేస్తాయి. ఈ కొసలను కనిపెట్టింది మన దేశపు శాస్త్రవేత్త అవతార్ సింగ్ పైంటల్, 1950లలో. వీటిని జె రిసెప్టర్లు అంటారు. వీటి వల్ల, కెరోటిడ్ బాడీ అతిగా చురుకైపోవడం వల్ల మనిషి పగలంతా కూడా అవసరానికి మించి గాలి పీలుస్తుంటాడు. పాదరసం లెక్కలో మామూలుగా 40 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ పీడనం 35కో అంతకన్నా కిందికో దిగి ఉంటుంది.

ఇక్కడే నిద్ర వచ్చి కలుస్తుంది. మెలకువలో ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గినా మామూలుగా ఊపిరి ఆగదు, మెలకువే ఊపిరిని నడిపిస్తుంది. నిద్రలో ఆ ఊతం ఉండదు. ఫలానా గీత కంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గితే ఊపిరి నిలిచిపోతుంది. ఆ గీత, నిద్రలో మనిషి మామూలుగా ఉండే స్థాయికి కొద్ది మిల్లీమీటర్ల దిగువనే ఉంటుంది. నాన్నగారి లాంటివాళ్లలో ఆ కాస్త ఎడం కూడా ఇరుకైపోతుంది. గోడ మీద నడుస్తున్నట్టే, రెండు పెద్ద ఊపిర్లు తీసుకుంటే చాలు, గీత దాటి అవతల పడతారు.

ఆలస్యం లేకుండా దుడుకుతనం ఒక్కటే ఉన్న మనుషుల్ని చూడాలంటే లడఖ్ వెళ్లొచ్చినవాళ్లని అడగండి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, కేదార్‌నాథ్ కూడా దాదాపు అంతే. మొదటి రాత్రి పక్కన పడుకున్నవాళ్లు, "నీ ఊపిరి ఆగిపోతోందిరా" అని భయపడి లేపుతారు. గుండె రాయిలా ఉన్న కుర్రాడికి కూడా అక్కడ ఇది వస్తుంది. ఆక్సిజన్ తక్కువై కెరోటిడ్ బాడీ రెచ్చిపోతుంది, ఊపిరి పెరిగి కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, గీత దగ్గరపడుతుంది. కానీ అతని గుండె చురుకు, కబురు త్వరగా చేరుతుంది. అందుకే అతని చుట్టు ఇరవై, ముప్పై సెకన్లలో అయిపోతుంది. నాలుగైదు ఊపిర్లు, ఒక చిన్న ఆగుడు, మళ్లీ నాలుగైదు. చుట్టు పొడవు చూస్తే చాలు, తప్పు ఎత్తుదా గుండెదా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

మీ పెద్దమ్మగారి మాటకొద్దాం. ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. చివరి రోజుల్లో ఉన్నవాళ్లలోనూ ఇలాంటి ఊపిరి కనబడుతుంది, ఆవిడ ఎప్పుడో ఎవరి మంచం పక్కనో చూసే ఉంటారు. దీన్ని మొదట వివరంగా రాసిన డబ్లిన్ వైద్యుడు జాన్ చెయిన్ కూడా 1818లో అలాంటి రోగి గురించే రాశాడు: అరవై ఏళ్ల మనిషి, ఊపిరి పావు నిమిషం పూర్తిగా ఆగి, సన్నగా మొదలై, మెల్లగా పెరిగి, మళ్లీ ఆగేది, మొత్తం చుట్టు ఒక నిమిషం. 1854లో అదే ఊళ్లోని విలియం స్టోక్స్ దీన్ని గుండె జబ్బుతో ముడిపెట్టాడు. అందుకే చెయిన్-స్టోక్స్ శ్వాస అని పేరు. కానీ ఎగశ్వాస వేరు. అది స్పృహ లేని మనిషి దవడ కదిలిస్తూ అక్కడొకటి ఇక్కడొకటి ఎగబీల్చే ఊపిరి, దానికి వరస ఉండదు. మీ నాన్నగారిది గడియారం పెట్టి కొలవగలిగే వరస. పొద్దున లేచి కాఫీ తాగి పేపర్ చదువుకునే మనిషికి రాత్రి ఇది ఉంటే, అది గుండె పనితనం గురించి కబురు, కడసారి కబురు కాదు. పెద్దమ్మగారికి ఆ తేడా చెప్పండి, ఫోన్‌లో టైమ్ కూడా చూపించండి.

గురకతో వచ్చే స్లీప్ ఆప్నియా అని ఎవరైనా అంటే ఒక్క పని చేయండి. ఊపిరి ఆగినప్పుడు పొట్ట మీద చెయ్యి తేలిగ్గా ఆనించి చూడండి. గొంతు మూసుకుపోయి ఆగితే పొట్ట, ఛాతీ పెనుగులాడుతూనే ఉంటాయి, చివర్లో ఒక్కసారి పెద్ద గుర్రుతో తెరుచుకుంటుంది. నాన్నగారిదైతే పొట్ట కూడా కదలదు, ఊపిరి సన్నగా, మెల్లగా మొదలవుతుంది. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు కాబట్టి తుది మాట నిద్ర పరీక్షే చెప్పాలి.

ఇక మీరు వెంటనే మానాల్సింది తట్టి లేపడం. ప్రేమతోనే చేస్తున్నారు, కానీ అది వ్యతిరేకంగా పనిచేస్తుంది. ఉలిక్కిపడి లేచిన మనిషి నాలుగు పెద్ద ఊపిర్లు తీసుకుంటాడు, కార్బన్ డయాక్సైడ్ ఇంకా పడిపోతుంది, మళ్లీ కన్ను మూయగానే గీత కిందికి జారి ఊపిరి ఆగుతుంది. మీరు లేపిన ప్రతిసారీ ఊయలకు ఇంకో తోపు తోస్తున్నట్టే. ఆగిన ఊపిరి తనంతట తాను మొదలవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని దాన్ని మొదలుపెట్టిస్తుంది. లేపడానికి బదులు తలవైపు ఎత్తు చేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా ఉన్నప్పటి కంటే పక్కకి పడుకుంటే చాలామందిలో ఇది తగ్గుతుంది. ఊపిరితిత్తులకు చోటు పెరిగి వాటిలో నిలవ ఉండే గాలి పెరుగుతుంది, ఆ నిలవ ఎక్కువ ఉంటే ఒక్కో ఊపిరికి కార్బన్ డయాక్సైడ్ అంత దూకుడుగా ఊగదు.

రెండోది, ఈ వారంలోనే గుండె డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక వీడియో పట్టుకెళ్లండి: పొట్ట, ఆక్సీమీటర్ అంకె రెండూ ఒకే ఫ్రేములో కనిపించేలా, ఆపకుండా ఐదు నిమిషాలు. ఇలాంటి వీడియో ఉంటే డాక్టరుకి సగం కథ చెప్పక్కర్లేదు. నెల రోజులుగానే మొదలైంది అన్నారు కదా, నాకు మొదట అనుమానం వచ్చేది నెమ్ము పెరిగిందని. ఈ నెలలో బరువు పెరిగిందా, సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయా, నీరు మాత్ర ఏమన్నా మానారా, ఉప్పు ఎక్కువైందా రాసుకెళ్లండి. బాత్రూముకి పోలేక నీరు మాత్ర మధ్యాహ్నం ఎగ్గొట్టే పెద్దవాళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉన్నారు. ఈ ఊపిరికి మొదటి వైద్యం గుండెకిచ్చే వైద్యమే. నెమ్ము దిగి పంపింగ్ మెరుగైతే దుడుకుతనం, ఆలస్యం రెండూ ఒకేసారి తగ్గుతాయి.

రాత్రిపూట ఆక్సిజన్ పెడితే ఆగడాలు తగ్గుతాయి, కెరోటిడ్ బాడీ శాంతిస్తుంది కాబట్టి. దాంతో ఆయుష్షు పెరుగుతుందని మాత్రం తేలలేదు, కాబట్టి సిలిండర్ అద్దెకి తెచ్చి మీ అంతట మీరు పెట్టకండి. నిద్రమాత్రలు, దగ్గు మందులు కూడా డాక్టరుని అడక్కుండా ఇవ్వద్దు.

మిషన్ల గురించి ఒక జాగ్రత్త. ఊపిరి తగ్గినప్పుడు తోసి, పెరిగినప్పుడు ఊరుకునే ఏఎస్‌వి అనే మిషన్ ఒకటుంది. మన కాలువ భాషలో, తూము మనిషి చేసే తప్పుని పక్కనే కూర్చుని ఎప్పటికప్పుడు సరిదిద్దేది. కాగితం మీద ఇంతకన్నా మంచి మందు ఉండదనిపిస్తుంది, ఊపిరిని కూడా చక్కగా నున్నగా చేస్తుంది. కానీ 2015లో వచ్చిన సెర్వ్-హెచ్ఎఫ్ అనే పరీక్షలో, పంపింగ్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉండి, ప్రధానంగా ఈ రకం ఆగుడు ఉన్న 1,325 మందిని చూస్తే, ఆ మిషన్ వాడినవాళ్లలో గుండె జబ్బు మరణాలు తగ్గకపోగా పెరిగాయి. తర్వాత ఇంకో రకం మిషన్‌తో చేసిన పరీక్షలో ఆ హాని కనబడలేదు, ఆయుష్షు పెరగడమూ కనబడలేదు. నాన్నగారి పంపింగ్ 30 కాబట్టి ఎవరైనా ఆ మిషన్ కొనమంటే, గుండె డాక్టరు, నిద్ర డాక్టరు ఇద్దరూ ఒప్పుకునేదాకా కొనకండి.

వారం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. పగలు మెలకువలో, కూర్చుని ఉన్నప్పుడు కూడా ఊపిరి ఇలా ఆగుతుంటే. లేపినా సరిగ్గా లేవకపోతే, మాట ముద్దగా వస్తే, మూతి ఒక పక్కకి లాగితే, చెయ్యో కాలో పడిపోతే. ఈ తరహా ఊపిరి పక్షవాతంలోనూ వస్తుంది. పడుకోలేక లేచి కూర్చుని ఆయాసపడుతుంటే, దగ్గులో గులాబీ రంగు నురగ వస్తే. ఆక్సీమీటర్ 95కి తిరిగి రాకుండా చుట్టు మొత్తం 90 కిందే ఉండిపోతున్నా అంతే.

ఇవేవీ లేకపోతే ఈ రాత్రి మీరంతా పడుకోండి. మందులు మార్చిన మూడు నాలుగు వారాలకి ఒక రాత్రి మళ్లీ ఫోన్ తీసి పది చుట్లు కొలవండి, ఒక్కటి కాదు. ఊపిరి మొదలైనప్పటి నుంచి అంకె అడుగుకి పడేదాకా ఎన్ని సెకన్లో కూడా రాయండి. 70 కాస్తా 55 అయి, ఆ 30 కాస్తా 22 అయితే, తర్వాతి ఎకో రిపోర్టులో ఏముంటుందో మీకు ముందే కొంత తెలిసినట్టే. ఆ అంకెలు నాకూ రాసి పంపండి.